తొలి నగరాలు నదీ లోయలలోనే ఎందుకు పుట్టాయి? ఉరుక్ ఉదాహరణగా తరచుగా అడిగే ప్రశ్నలు

"తొలి నాగరికతలు నదీ లోయలలో పుట్టాయి" అనే వాక్యాన్ని మనమందరం బడి పుస్తకాలలో చదివాం. అయితే నది పక్కన ఉన్న ఊళ్లలో కొన్ని మాత్రమే నగరాలుగా ఎందుకు మారాయి, నీటికీ ధాన్యానికీ రాతకీ మధ్య సంబంధం ఏమిటి అన్నది ఆ వాక్యం చెప్పదు. అన్ని నదులనూ ఒకే గాటన కట్టి చెబితే ఏదీ స్పష్టం కాదు. అందుకని ఈ పేజీలో ప్రధానంగా దక్షిణ మెసొపొటేమియాలోని ఉరుక్ నగరాన్ని తీసుకుని వివరిస్తున్నాం. ఇతర నదుల ప్రస్తావన చివరలో వస్తుంది.

ఉరుక్ ఎక్కడ ఉంది? దానినే తొలి నగరం అని ఎందుకు అంటారు?

ఉరుక్ శిథిలాలు నేటి దక్షిణ ఇరాక్‌లో వర్కా అనే చోట ఉన్నాయి. అక్కడ జర్మన్ పురావస్తు శాస్త్రవేత్తలు 1912లో తవ్వకాలు మొదలుపెట్టారు. క్రీ.పూ. 3100 ప్రాంతానికి ఆ ఊరు సుమారు 250 హెక్టార్లకు విస్తరించింది. మరి రెండు శతాబ్దాలకు దాని చుట్టూ తొమ్మిది కిలోమీటర్లకు పైగా పొడవున్న ప్రాకారం లేచింది. జనాభాపై అంచనాలు 20 వేల నుంచి 50 వేల దాకా ఉన్నాయి. ఎవరి అంచనా సరైనదైనప్పటికీ, అంతకు ముందు ఆ మైదానంలో ఉన్న గ్రామాలతో పోలిస్తే అది మరో కోవకు చెందిన ఊరు.

పరిమాణం ఒక్కటే నగరానికి లక్షణం కాదు. ఉరుక్ జనంలో గణనీయమైన భాగం తమ తిండిని తాము పండించుకోలేదు. నేతగాళ్లు, కుండలు చేసేవారు, రాగి పనివారు, ఆలయ అధికారులు, లెక్కలు రాసేవారు వేరొకరు పండించిన ధాన్యం మీద బతికారు. తిండి పండించనివారు వేల సంఖ్యలో ఒకచోట ఏడాది పొడవునా నిలవడం ఎలా సాధ్యమైందన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

ఆ ప్రాంతంలో వర్షమే సరిగా పడదు కదా. మరి వ్యవసాయం అక్కడ ఎందుకు అంత బలపడింది?

వర్షం మీద ఆధారపడి బార్లీ పండించాలంటే ఏడాదికి కనీసం 200 మిల్లీమీటర్ల పైచిలుకు వాన కావాలి. ఉరుక్ పరిసరాలలో అందులో సగానికి కాస్త అటూఇటూ మాత్రమే పడుతుంది. ఉత్తర మెసొపొటేమియా రైతు వానను నమ్ముకుని ఎక్కడైనా ఇల్లు కట్టుకోగలడు. దక్షిణాదిన ఆ స్వేచ్ఛ లేదు. నది నుంచి గాని కాలువ నుంచి గాని నీరు అందే పట్టీలోనే పంట పండుతుంది, దానిని దాటితే ఎడారే.

ఈ ఇబ్బందిలోనే దక్షిణాది బలం కూడా ఉంది. నీరు అందిన చోట నేల కొత్త ఒండ్రుతో సారవంతంగా ఉంటుంది, వాన కురిసినా కురవకపోయినా పంట వస్తుంది. జనం నీటి గీతల వెంట దగ్గరదగ్గరగా చేరుతారు, కాలువ తవ్విన పొలాన్ని వదిలి మరో చోటికి తేలికగా వెళ్లలేరు. పంటలో భాగం అడిగేవాడికి ఇటువంటి రైతు తప్పించుకోలేని మనిషి. ఈ విషయాన్ని పాఠ్యపుస్తకాలు తగినంతగా చెప్పవని నా అభిప్రాయం.

నదిలో నీరు ఉన్నప్పుడు దానిని పొలానికి మళ్లించడం అంత కష్టమా?

మళ్లించడం కష్టం కాదు. సరైన వేళకు, సరిపడినంత మాత్రమే మళ్లించడం కష్టం.

యూఫ్రటీస్ నది వరదకాలంలో ఒడ్డు దాటి పొర్లినప్పుడు బరువైన ఇసుక, ఒండ్రు ముందుగా ఒడ్డు దగ్గరే దిగిపోతాయి. ఏళ్ల తరబడి ఇలా జరగగా ఒడ్డులు గట్లుగా పెరుగుతాయి, నది అడుగు కూడా పైకి లేస్తుంది. చివరకు చుట్టూ ఉన్న మైదానం కంటే నదే ఎత్తులో ప్రవహిస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాలలో ఏటిగట్టు మీద నిలబడి ఒకవైపు నదినీ, మరోవైపు పల్లంలో ఉన్న పొలాలనూ చూసినవారికి ఈ రూపం తెలిసిందే. ఉరుక్ రైతు ఏటిగట్టుకు చిన్న కోత పెడితే నీరు తనంతట తానే పల్లానికి పారేది. గట్టు మీద ఖర్జూర తోటలు, కూరగాయలు వేసేవారు. గట్టు వాలులో నీరు నిలవని చోట బార్లీ పొలాలు సన్నగా, పొడవుగా సాగేవి. ఇంకా దిగువన రెల్లు పెరిగే చిత్తడి నేలలు ఉండేవి.

చిక్కు రుతువులతో వచ్చింది. బార్లీని శరదృతువులో, అంటే అక్టోబరు, నవంబరు నెలలలో విత్తుతారు, ఏప్రిల్, మే నెలలలో కోస్తారు. టారస్ కొండలలో మంచు కరగడం వల్ల నదికి వరద వచ్చేది సరిగ్గా ఆ కోతల కాలంలోనే. విత్తనానికి నీరు కావలసిన వేళ నది అట్టడుగున ఉంటుంది, పంట ఎండి కోతకు సిద్ధమైన వేళ ఉప్పొంగుతుంది. కాబట్టి రైతు శరత్కాలంలో సన్నని ప్రవాహాన్ని కాలువలోకి ఎక్కించుకోవాలి, వసంతంలో అదే నదిని గట్లు కట్టి పొలానికి దూరంగా ఉంచాలి. గట్టుకు పెట్టిన గండి అదుపు తప్పి పెద్దదైతే పొలం మునగడంతో ఆగదు, నదే తన పాత దారిని వదిలి ఆ గండి గుండా కొత్త దారి పట్టవచ్చు. దక్షిణ మెసొపొటేమియాలో నదులు చాలాసార్లు ఇలా దారి మార్చాయి. ఉరుక్‌ను పోషించిన యూఫ్రటీస్ నేడు ఆ శిథిలాలకు దూరంగా పారుతోంది.

కాలువలు తవ్వించడానికే రాజులు, రాజ్యాలు పుట్టాయన్న వాదన నిజమేనా?

ఈ వాదనను 1950లలో చరిత్రకారుడు కార్ల్ విట్‌ఫోగెల్ గట్టిగా ముందుకు తెచ్చారు. భారీ నీటిపారుదల పనులకు వేల మందిని ఒకే ఆజ్ఞ కింద నడిపించాలి కనుక నిరంకుశ ప్రభుత్వాలు తప్పనిసరి అయ్యాయని ఆయన చెప్పారు. వినడానికి నమ్మకంగా ఉన్నా ఉరుక్ నేల దీనిని సమర్థించలేదు. పురావస్తు శాస్త్రవేత్త రాబర్ట్ ఆడమ్స్ దక్షిణ ఇరాక్‌లో నేల మీద నడిచి, ఆకాశం నుంచి తీసిన ఛాయాచిత్రాలు చూసి పాత ఊళ్లను, కాలువలను గుర్తించారు. నగరాలు పుట్టిన కాలంలో కాలువలు చిన్నవి, సహజమైన నదీ పాయలకు అతుక్కుని ఉన్నవి. దూరాలు దాటే పెద్ద కాలువలు రాజ్యాలు స్థిరపడిన తరువాతే వచ్చాయి.

ఒక లెక్క వేసి చూస్తే ఇది ఎందుకు సహజమో తెలుస్తుంది. దక్షిణ మెసొపొటేమియాలోనే ఊర్ అనే నగరం కేంద్రంగా సాగిన క్రీ.పూ. 21వ శతాబ్దపు రాజ్యం లెక్కలు రాసుకున్న మట్టి పలకలలో మట్టి తవ్వే కూలీ రోజుకు తీయవలసిన మట్టి ప్రమాణం మన కొలతలో సుమారు మూడు ఘనపు మీటర్లు. ఐదు కిలోమీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, ఒక మీటరు లోతు ఉన్న కాలువకు పదివేల ఘనపు మీటర్ల మట్టి తీయాలి. అంటే సుమారు 3,300 పనిదినాలు, వంద మంది కలిస్తే నెల రోజుల పైచిలుకు పని. దీనికి చక్రవర్తి అక్కరలేదు, రెండు మూడు ఊళ్ల పెద్దలు ఒప్పుకుంటే చాలు.

అసలు ఒత్తిడి తవ్వకం ముగిసిన తరువాత మొదలవుతుంది. ఏటా పూడిక తీయాలి. ఎగువ రైతు తూము మూయకపోతే దిగువ రైతుకు నీరు రాదు. ఎవరి వంతు ఎప్పుడు, ఎవరు పనికి రాలేదు, రానివాడి బదులు ఎవరు చేశారు అన్నవి ప్రతి సంవత్సరమూ తేల్చవలసిన తగాదాలు. తరువాతి కాలంలో ఇవే నగరాల మధ్య యుద్ధాలయ్యాయి. క్రీ.పూ. 2450 ప్రాంతంలో లగాష్, ఉమ్మా నగరాలు సరిహద్దు పొలాల కోసం, అక్కడి కాలువల కోసం తరతరాలుగా పోరాడాయి. లగాష్ పాలకుడు ఎయన్నాటుమ్ తన గెలుపును చెక్కించిన శిల ముక్కలు నేడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి.

మిగులు ధాన్యం అంటే ఎంత? ఒక రైతు ఎంత మందిని పోషించగలిగేవాడు?

ఉరుక్ తొలి రోజుల దిగుబడులను నేరుగా చెప్పే పత్రాలు లేవు. దాదాపు వెయ్యేళ్ల తరువాతి ఊర్ రాజ్యపు పలకల నుంచి ఒక అవగాహనకు రావచ్చు. అప్పటి భూమి కొలత బుర్. అది సుమారు 6.48 హెక్టార్లు, అంటే 16 ఎకరాలు. ఒక బుర్ నుంచి అధికారులు ఆశించిన బార్లీ 30 గుర్‌లు, ఒక గుర్ సుమారు 300 లీటర్లు. మొత్తం తొమ్మిది వేల లీటర్లు. ఎకరాకు చూస్తే 560 లీటర్లు, తూకంలో 340 కిలోల దరిదాపు. నేటి రైతుకు ఇది చాలా తక్కువ. అయితే ఆ రైతు గింజలను చల్లేవాడు కాదు, నాగలికి అమర్చిన గొట్టం గుండా చాలులోనే ఒక్కొక్క గింజను జారవిడిచేవాడు. మన గొర్రు పని చేసే పద్ధతి ఇదే. దీనివల్ల విత్తనానికి పోయే గింజ చాలా తక్కువ.

ఇప్పుడు అదే కాలపు తిండి లెక్క చూద్దాం. పనిచేసే మగవాడికి నెలకు 60 లీటర్లు, ఆడమనిషికి 30 లీటర్లు మామూలుగా ఇచ్చే బార్లీ, పిల్లలకు వయసును బట్టి 10 నుంచి 20 లీటర్లు. ముగ్గురు పిల్లలున్న కుటుంబానికి నెలకు సుమారు 135, ఏడాదికి 1,620 లీటర్లు చాలు. విత్తనానికీ ఎడ్ల దాణాకూ తొమ్మిది వేలలో పదో వంతు తీసివేస్తాం అనుకుందాం. మిగిలిన 8,100 లీటర్లతో ఐదు కుటుంబాలు తినవచ్చు. పండించిన కుటుంబాన్ని పక్కన పెడితే పండించని కుటుంబాలు నాలుగు.

ఇది కాగితం మీద లెక్క అన్న సంగతి మరవకూడదు. నేలను ఏడాది విడిచి ఏడాది బీడుగా ఉంచేవారు కనుక దీనికి రెండు రెట్ల భూమి కావాలి. మిడతలు, వరద, ఎలుకలు, గాదెలో చెమ్మ తమ వాటా తీసుకునేవి. అదీ కాక, 30 గుర్‌లన్నది అధికారులు ఆశించిన అంకె, ప్రతి పొలమూ దానిని అందుకోలేదు. ఇవన్నీ తీసేసినా ఒక కుటుంబం మరో కుటుంబాన్ని పోషించగల స్థితి మిగులుతుంది. ఒక నగరానికి అది చాలు.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. మిగులు తనంతట తానుగా ఏర్పడదు. తన కుటుంబానికి చాలినంత పండిన తరువాత ఇంకా ఎక్కువ పండించవలసిన అవసరం రైతుకు లేదు. ఆలయమో, అధికారో, అప్పో, భయమో, దేవత మీది భక్తో అడిగినప్పుడే ఆ అదనపు పంట కళ్లం నుంచి కదులుతుంది. ఉరుక్‌లో ఆ అడిగే స్థానంలో ఉన్నది ఇనాన్నా దేవత ఆలయమైన ఇయన్నా ప్రాంగణం.

ధాన్యమే ఎందుకు? చేపలు, ఖర్జూరాలు, దుంపలతో నగరం నిలవదా?

ఉరుక్ చుట్టూ చేపలు, పక్షులు, రెల్లు, ఖర్జూరం పుష్కలంగా ఉండేవి. చిత్తడి నేలల ఆహారం లేకుండా ఆ నగరం అంతగా పెరిగి ఉండేది కాదని ఇటీవలి పరిశోధకులు చెబుతున్నారు, అది సబబైన మాటే. కానీ పన్నుగా వసూలు చేయడానికీ, జీతంగా పంచడానికీ బార్లీ వంటిది మరొకటి లేదు.

బార్లీ పొలమంతా ఒకే కాలంలో పండుతుంది. నేల పైన కంటికి కనబడుతుంది కనుక కోతకు ముందే అధికారి వచ్చి దిగుబడి అంచనా కట్టవచ్చు. దుంపలైతే రైతు అవసరమైనప్పుడు తవ్వుకుంటూ నేలలోనే దాచుకోగలడు. చేప రెండు రోజులలో పాడవుతుంది. ఎండిన బార్లీ గాదెలో సంవత్సరం దాటినా నిలుస్తుంది, ఏ గింజ అయినా మరో గింజతో సమానం, ఒక గిన్నెతో కొలిచి ఎంత చిన్న భాగానికైనా విడదీయవచ్చు. రొట్టె అయినా, బీరు అయినా దాని నుంచే వస్తుంది. తీసుకునేవాడికీ ఇచ్చేవాడికీ ఒకే కొలత అర్థమయ్యే తిండి ఇది. గోధుమకు కూడా ఈ లక్షణాలు చాలావరకు ఉన్నా, ఉప్పు నేలను బార్లీ మరింత బాగా తట్టుకుంటుంది.

ధాన్యం నగరానికి ఎలా చేరేది?

పడవల మీద. గాడిద మోసే బరువు కొద్ది, దారిలో అదీ తినాలి, దానిని తోలేవాడూ తినాలి. పడవలో అనేక గాడిదల బరువు ఇద్దరు ముగ్గురితో ప్రవాహం వెంట దిగివస్తుంది. మైదానం వాలు చాలా స్వల్పం కనుక ప్రవాహం నెమ్మది, పెద్ద కాలువలే రహదారులు కూడా. ఉత్తరాదిన వానతో బార్లీ బాగా పండినా అక్కడి నగరాల పరిమాణానికి ఒక హద్దు ఏర్పడటానికి ఇది ముఖ్యమైన కారణం. దక్షిణాదిన కలప, రాయి, లోహం లేవు. వాటిని తెచ్చుకునే దారి కూడా నదే.

లెక్కలు రాయడం ఎప్పుడు, ఎలా మొదలైంది?

పశ్చిమాసియాలో క్రీ.పూ. 8000 ప్రాంతం నుంచే చిన్న చిన్న మట్టి బిళ్లలు, గోళీలు, శంకువులు దొరుకుతాయి. వీటిలో చాలావాటిని లెక్కపెట్టడానికి వాడారని పురావస్తు పరిశోధకురాలు డెనిస్ ష్మాంట్-బెసెరా విస్తృతంగా వాదించారు. ఒక్కొక్క బిళ్ల ఆకారమూ నేరుగా ఒక్కొక్క అక్షరంగా మారిందన్న ఆమె వాదనలోని భాగాన్ని చాలామంది ఒప్పుకోరు. అయితే తరువాతి మెట్టు మాత్రం స్పష్టంగా కనబడుతుంది.

క్రీ.పూ. 3500 ప్రాంతంలో ఉరుక్‌లోనూ, నేటి ఇరాన్‌లోని సూసాలోనూ ఈ బిళ్లలను బోలు మట్టి బంతిలో పెట్టి మూసి, దాని మీద స్తూపాకారపు ముద్రను దొర్లించేవారు. మందలోని గొర్రెలను కాపరికి అప్పగించినప్పుడు ఇటువంటి బంతి ఉంటే, తరువాత తేడా వచ్చినప్పుడు పగలగొట్టి చూడవచ్చు. కానీ పగలగొడితే సాక్ష్యం పోతుంది. అందుకే మట్టి పచ్చిగా ఉండగానే లోపలి బిళ్లల సంఖ్యను పైన కూడా గుర్తులుగా నొక్కడం మొదలైంది. పైన గుర్తు ఉన్నప్పుడు లోపల బిళ్ల ఎందుకు? కొంతకాలానికి బంతి పోయి చదునైన పలక మిగిలింది. దాని మీద అంకెలు, ఒక ముద్ర మాత్రమే ఉండేవి. ఏ వస్తువు లెక్క అన్నది ఆ పలకను చూసేవాడికి తెలిసే ఉంటుంది.

ఊరు పెరిగి, లెక్క రాసినవాడూ చూసేవాడూ వేరైనప్పుడు ఆ పద్ధతి చాలలేదు. క్రీ.పూ. 3300 తరువాత పలకల మీద అంకెల పక్కన వస్తువు బొమ్మ, మనిషి లేదా పదవి గుర్తు చేరాయి. ఉరుక్‌లో ఇటువంటి పలకలు, ముక్కలు కలిపి సుమారు ఐదు వేలు దొరికాయి. దాదాపు అన్నీ చెత్తలోనూ, కొత్త కట్టడాల కింద నింపిన మట్టిలోనూ దొరికినవే. లెక్క తేలిన తరువాత ఆ పలకతో ఎవరికీ పని లేదు. వాటిలో నూటికి 85 వంతులు జమాఖర్చులు, మిగిలినవి రాయడం నేర్చుకునేవారి పదాల పట్టికలు. కథలు, ప్రార్థనలు, రాజుల గొప్పలు వాటిలో లేవు. అవి రాతలోకి రావడానికి చాలా శతాబ్దాలు పట్టింది.

అటువంటి పలక ఒకటి చదివితే ఏం తెలుస్తుంది?

ప్రసిద్ధమైన ఒక పలకలో మూడు విషయాలు ఉన్నాయి. 29,086 కొలతల బార్లీ, 37 నెలలు, చివర "కుషిమ్" అన్న గుర్తులు. ఆ కొలతను నేటి లెక్కలోకి మార్చితే సుమారు 1,35,000 లీటర్లు. కుషిమ్ ఒక మనిషి పేరా, ఒక పదవి పేరా అన్నది తేలలేదు. అదే గుర్తులున్న మరికొన్ని పలకలు బీరు తయారీకి కావలసిన బార్లీనీ, మొలకెత్తించిన గింజనూ లెక్కిస్తాయి కనుక ఆ పని చూసిన అధికారి అని భావిస్తారు. ఈ పలకలు ప్రైవేటు సేకరణ ద్వారా వెలుగులోకి వచ్చాయి, తవ్వకంలో దొరికిన చోటు నమోదు కాలేదు. దీనివల్ల పోయిన సమాచారం చిన్నది కాదు.

నెలకు 60 లీటర్ల జీతం ప్రమాణంగా తీసుకుంటే ఆ బార్లీ అరవై మందిని 37 నెలలు పోషిస్తుంది. ఈ ప్రమాణం తరువాతి కాలానిది, అదీ కాక బార్లీలో భాగం బీరు అయింది కాబట్టి దీనిని పరిమాణం ఊహించడానికి మాత్రమే వాడాలి. మూడేళ్ల పాటు సాగిన ఇటువంటి లెక్కను ఎవరూ జ్ఞాపకంలో నిలుపుకోలేరు.

అంకెల విధానం కూడా గమనించదగినది. చిన్న గీత వంటి నొక్కుకూ, గుండ్రని నొక్కుకూ విలువ వస్తువును బట్టి మారేది. గొర్రెలనో మనుషులనో లెక్కపెడితే ఒక గుండ్రని నొక్కు పది గీతలకు సమానం. బార్లీని కొలిస్తే అదే నొక్కు ఆరు గీతలకు సమానం. కాబట్టి ఏది లెక్కిస్తున్నారో తెలియకుండా అంకెను చదవలేం. పొరపాట్లు పట్టుకోవడానికి వారికి ఒక పద్ధతి ఉండేది. పలక ముందువైపు ఒక్కొక్క పద్దూ గడులలో రాసి, వెనకవైపు మొత్తం వేసేవారు. నేటి పరిశోధకులు చెరిగిపోయిన అంకెలను తిరిగి కట్టడానికీ, ఏ గుర్తు విలువ ఎంతో తేల్చడానికీ ఆ మొత్తాలే ఆధారమయ్యాయి.

ఉరుక్‌లో కుప్పలుగా దొరికే ముతక గిన్నెలకూ దీనికీ సంబంధం ఉందా?

అంచు ఏటవాలుగా ఉండే ఈ గిన్నెలను అచ్చులో ముతక మట్టిని నొక్కి, ఏ అలంకారమూ లేకుండా, లెక్కలేనన్ని చేశారు. సగటున ఒక లీటరుకు కాస్త తక్కువ పడతాయి. పలకల మీద తిండిని సూచించే గుర్తు ఇటువంటి గిన్నెను పోలి ఉంటుంది. మనిషి తల పక్కన ఆ గిన్నెను గీస్తే తినడం, లేదా తిండి పంచడం అన్న అర్థం వస్తుంది. అందువల్ల ఇవి కూలీలకు బార్లీ కొలిచి ఇచ్చిన గిన్నెలన్న అభిప్రాయం ప్రచారంలోకి వచ్చింది. పరిమాణాలు ఒకేలా లేవని, ఇవి రొట్టె కాల్చే అచ్చులని చెప్పేవారూ ఉన్నారు. ఏది నిజమైనా, ఒకేసారి పెద్ద సంఖ్యలో జనానికి తిండి పెట్టవలసిన ఊరు అది అన్న విషయంలో రెండు పక్షాలకూ తేడా లేదు.

నీటిపారుదల వల్ల నేల చౌడు బారి ఆ నగరాలు నాశనమయ్యాయా?

ప్రమాదం నిజమైనదే. నది నీటిలో కొద్దిపాటి ఉప్పు ఉంటుంది. ఎండకు నీరు ఆవిరై ఉప్పు నేలలో మిగులుతుంది. నీరు ఎక్కువగా పెట్టి, మురుగు పోయే దారి లేకపోతే భూగర్భ జలం పైకి లేచి ఉప్పును వేళ్ల దాకా తెస్తుంది. పొలం మీద తెల్లటి పొర, మచ్చలు మచ్చలుగా మొలకెత్తని పైరు దీని ఆనవాళ్లు. ఏడాది విడిచి ఏడాది బీడు పెట్టడం దీనికి మంచి విరుగుడు. ఆ కాలంలో లోతుగా వేళ్లు దించే కలుపు మొక్కలు నీటిని తోడేసి భూగర్భ జల మట్టాన్ని దించుతాయి. పాలకులు బీడును కుదించి ఎక్కువ పంట అడిగినప్పుడు ఈ రక్షణ పోతుంది.

జాకబ్సన్ అనే పరిశోధకుడు, పైన చెప్పిన ఆడమ్స్ కలిసి 1958లో సుమేరు, అంటే దక్షిణ మెసొపొటేమియా నాగరికత, పతనానికి చౌడే ముఖ్య కారణమని వాదించారు. వారి దిగుబడి లెక్కలపై తరువాత గట్టి అభ్యంతరాలు వచ్చాయి. కొన్ని పొలాలు చౌడు బారాయన్నది పలకలలోనే ఉంది. మొత్తం నాగరికత దానితోనే కూలిందనడం మాత్రం ఆధారాలకు మించిన మాట. ఉరుక్ క్రీస్తు శకం తొలి శతాబ్దాల దాకా ఏదో ఒక రూపంలో నిలిచే ఉంది.

నైలు, సింధు లోయలలోనూ ఇదే జరిగిందా?

కొంతవరకే. నైలు వరద వేసవి చివర వచ్చి శరత్తులో తగ్గుతుంది, సరిగ్గా విత్తే వేళకు తడిసిన నేలను వదిలి వెళుతుంది, ఉప్పును కూడా కడిగేస్తుంది. ఈజిప్టు రైతుకు యూఫ్రటీస్ రైతు పడిన కాలువల యాతన అంతగా లేదు. అక్కడ అధికారులు రాసిపెట్టుకున్నది ముఖ్యంగా వరద ఎత్తు. తొలి రాజుల కాలపు విశేషాలను ఏడాదివారీగా చెక్కిన పలెర్మో శిల మీద ఏ ఏడాది ఎంత ఎత్తు వరద వచ్చిందో మూరలలో చెక్కి ఉంది. వరదను బట్టి పంటను, పంటను బట్టి పన్నును ఊహించవచ్చు.

సింధు లోయలో మొహెంజొదారో, హరప్పా క్రీ.పూ. 2600 నుంచి పెద్ద నగరాలు. అక్కడ ముద్రలు ఉన్నాయి, చాలా కచ్చితమైన తూకపు రాళ్లు ఉన్నాయి. లిపి ఇంతవరకు చదవబడలేదు కనుక ధాన్యం లెక్కల గురించి ఉరుక్‌లా చెప్పలేం. మన పుస్తకాలలో "ధాన్యాగారం" అని బొమ్మ వేసే కట్టడాలలో ధాన్యం నిల్వ చేశారనడానికి సాక్ష్యం దొరకలేదని కూడా గుర్తుంచుకోవాలి.

చైనాలోని లియాంగ్‌ఝు మరింత ఆలోచింపజేసే ఉదాహరణ. క్రీ.పూ. 3300 నుంచి 2300 వరకు సాగిన ఆ సంస్కృతిలో ప్రాకారమున్న నగరం, వాగుల మీద మట్టి ఆనకట్టలు, బొగ్గుగా మారిన వరి గింజల నిల్వలు ఉన్నాయి. ఉరుక్ వంటి లెక్కల పలకలు మాత్రం లేవు. వెదురు వంటి నశించే వస్తువుల మీద రాసి ఉండవచ్చని అనుకోవడానికి వీలున్నా, దొరికిన ఆధారం ప్రకారం నీరు, ధాన్యం ఉన్నంత మాత్రాన రాత తప్పక వస్తుందని చెప్పలేం.

నదీ లోయ, కాలువ లేకుండా పెద్ద ఊళ్లు ఏర్పడలేదా?

ఏర్పడ్డాయి. సిరియాలోని తెల్ బ్రాక్ వాన పంటల ప్రాంతంలో ఉరుక్‌కు దాదాపు సమకాలంలోనే నగరంగా ఎదిగింది. ఉక్రెయిన్‌లో క్రీ.పూ. 4000 తరువాత ట్రిపిల్యా సంస్కృతికి చెందిన కొన్ని ఊళ్లు 200, 300 హెక్టార్లకు విస్తరించాయి. అక్కడ ఆలయపు గాదెలు, లెక్కల పలకలు కనబడవు. కొన్ని శతాబ్దాలకు ఆ ఊళ్లు చెదిరిపోయి జనం తిరిగి చిన్న ఊళ్లకు వెళ్లారు. వారికి చుట్టూ వాన పడే నేల ఉంది, వెళ్లిపోవడం సాధ్యం. ఉరుక్ రైతుకు లేనిది ఈ సౌకర్యమే.

గోదావరి, కృష్ణా లోయలలో అంత తొందరగా నగరాలు ఎందుకు రాలేదు?

దక్కన్‌లో తొలి రైతులు డెల్టాలో కాక ఎగువన మెట్ట నేలలలో స్థిరపడ్డారు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో రేమండ్ ఆల్చిన్ 1957లో తవ్విన బూడిద దిబ్బ క్రీ.పూ. మూడో సహస్రాబ్దికి చెందిన పశువుల దొడ్డి అని తేలింది. పేడ పేరుకున్నప్పుడల్లా తగలబెట్టగా ఆ దిబ్బ పెరిగింది. ఆ కాలపు దక్షిణాది రైతులు అండుకొర్రలు, ఉలవలు, పెసలు వానకు పండించి, పశువులను మేపుకునేవారు. సంపద గాదెలో కంటే మందలో ఎక్కువగా ఉండేది, మంద కాళ్ల మీద నడిచి వెళ్లిపోగలదు.

డెల్టాలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం పంట వేసే రోజులలోనే. కాలువ లేకపోతే బతుకు లేదన్న పరిస్థితి అక్కడ లేదు. ఇనుము వాడకం, వరి సాగు, దూర వర్తకం బలపడిన తరువాత, క్రీస్తు పూర్వపు చివరి శతాబ్దాలలో కోటిలింగాల, ధూళికట్ట, ధాన్యకటకం వంటి పట్టణాలు లేచాయి. నేడు మనం చూసే కాలువల డెల్టా ఇంకా ఇటీవలిది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది.